కాథీ నుంచి సుజాత దాకా: పర్సోనా నడిచిన దారి

1983లో అలన్ కూపర్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ కాలిఫోర్నియాలో ఒంటరిగా కూర్చుని ఒక ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాడు. రాయడం మొదలుపెట్టే ముందు, అలాంటి పని చేసే కొందరిని కలిసి మాట్లాడాడు. వాళ్లలో కాథీ అనే ఆవిడ ఒక ప్రకటనల సంస్థలో ఏ పని ఎవరికి అప్పగించాలో, ఎవరి చేతిలో ఎంత పని ఉందో చూసుకునేది. అప్పటి కంప్యూటర్లలో ప్రోగ్రామ్ కంపైల్ కావడానికి చాలాసేపు పట్టేది. ఆ ఖాళీలో కూపర్ దగ్గర్లోని గోల్ఫ్ మైదానం వైపు నడుస్తూ, తానే కాథీ అయినట్టు తనలో తాను వాదించుకునేవాడు. ఆవిడకు ఈ బటన్ అవసరమా? ఈ పట్టిక చూస్తే ఆవిడ పని తగ్గుతుందా, పెరుగుతుందా? అవసరం లేదని తేలిన సదుపాయాలను తీసిపారేసేవాడు. ఆ సాఫ్ట్‌వేర్ తర్వాత కంప్యూటర్ అసోసియేట్స్ సంస్థ చేతికి వెళ్లి ‘సూపర్‌ప్రాజెక్ట్’ పేరుతో మార్కెట్లోకి వచ్చింది.

పర్సోనా అనే పద్ధతికి పుట్టుక ఇదేనని కూపరే తర్వాత రాశాడు. నిజమైన మనుషులతో మాట్లాడి, వాళ్ల పని తీరుల్లో కలిసే పోలికలను పట్టుకుని, వాటన్నిటినీ ఒక కల్పిత వ్యక్తి రూపంలో కూర్చితే వచ్చేది పర్సోనా. వ్యక్తి కల్పితమే అయినా, ఆ వ్యక్తి అలవాట్లు మాత్రం ఎవరో ఒకరి నోట విన్నవై ఉండాలి. నలభై ఏళ్ల చరిత్రలో ఈ షరతును జనం మరిచిపోవడం, మళ్లీ గుర్తుచేసుకోవడం పదేపదే జరుగుతూ వచ్చాయి.

కూపర్ 1995లో సేజెంట్ అనే కంపెనీకి సలహాదారుగా వెళ్లినప్పుడు ఈ పద్ధతికి ఒక రూపం వచ్చింది. అక్కడి ఇంజనీర్లు ‘యూజర్’ అనే మాటను ఎవరి అవసరానికి వారు సాగదీసుకుంటున్నారు. ఒకరికి యూజర్ అంటే గణాంకాల్లో ఆరితేరినవాడు, మరొకరికి మౌస్ పట్టుకోవడం కూడా రానివాడు. ఆ ఉత్పత్తిని వాడబోయేవాళ్లతో కూపర్ స్వయంగా మాట్లాడాడు. వాళ్లు మూడు రకాలుగా విడిపోతున్నారని గమనించి చక్, సింథియా, రాబ్ అని పేర్లు పెట్టాడు. సిద్ధంగా ఉన్న నివేదికలను వాడుకునేవాడు చక్. వాటిని తయారుచేసేది సింథియా. ఇద్దరికీ సాంకేతికంగా అండగా ఉండేవాడు రాబ్. ఆ పేర్లు వచ్చాక ‘యూజర్‌కి నచ్చుతుంది’ అనే వాదనకు చోటు లేకుండా పోయింది. ఏ యూజర్‌కి, చక్‌కా సింథియాకా అని ఎదురు ప్రశ్న వచ్చేది.

1999లో ఆయన పుస్తకం ‘ది ఇన్‌మేట్స్ ఆర్ రన్నింగ్ ది అసైలం’ వెలువడి ఈ పద్ధతిని ప్రపంచానికి పరిచయం చేసింది. కొద్ది ఏళ్లకే మైక్రోసాఫ్ట్‌లో జాన్ ప్రూయిట్, జోనథన్ గ్రూడిన్ దీన్ని పెద్ద ఎత్తున చేపట్టారు. ప్రతి పర్సోనాకూ ఒక మూల పత్రం ఉంచి, అందులోని లక్షణాలను వాటికి ఆధారమైన పరిశోధనతో ముడిపెట్టడం వాళ్లు నెలకొల్పిన మంచి క్రమశిక్షణ. ఆ పర్సోనాలను అందరికీ గుర్తుండేలా పోస్టర్లు కూడా వేయించారు.

బయటి కంపెనీలకు పోస్టర్ చేరినంత తేలిగ్గా మూల పత్రం చేరలేదు. ఒక నవ్వు ముఖం ఫొటో, పేరు, వయసు, జీతం, ‘కాఫీ అంటే ఇష్టం’ అనే ఒక వాక్యం. మీటింగ్ గదిలో ఒక మధ్యాహ్నం కూర్చుంటే ఇలాంటివి నాలుగైదు తయారవుతాయి. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. 2004లో డాన్ నార్మన్ వంటి పెద్దాయన కూడా, ఆధారాలు లేని పర్సోనా సైతం రూపకర్తను వినియోగదారు వైపు తిప్పుతుంది కాబట్టి పనికొస్తుందని వాదించాడు. నార్మన్‌లాగా దశాబ్దాలపాటు మనుషులను గమనించినవాళ్ల ఊహకు ఆ బలం ఉండొచ్చు. అందరి ఊహకూ అది ఉండదు.

2006లో క్రిస్టఫర్ చాప్‌మన్, రసెల్ మిల్హమ్ ఇలాంటి పర్సోనా కార్డుల మీద గట్టి దెబ్బ కొట్టారు. వాళ్ల విమర్శ లెక్కలోకి సులువుగా ఒదుగుతుంది. ఒక లక్షణం జనంలో సగం మందికి ఉందనుకుందాం. దానితో సంబంధం లేని మరో లక్షణం కలిపితే రెండూ ఉన్నవాళ్లు నాలుగో వంతే. అలా అయిదు లక్షణాలు చేర్చేసరికి ముప్ఫై రెండు మందిలో ఒక్కరు మిగులుతారు. కార్డు మీద వివరాలు పెరిగే కొద్దీ మనిషి మరింత నిజంగా కనిపిస్తాడు, అలాంటి నిజమైన మనుషులు మాత్రం తగ్గిపోతారు. పైగా ఆ కార్డు తప్పని నిరూపించే దారి కూడా ఉండదు.

ఫిట్‌నెస్ యాప్‌ల రంగంలో మనుషులను తెలుసుకుని చేయడం, ఊహతో చేయడం అనే ఈ రెండు దారులూ పక్కపక్కనే కనిపిస్తాయి. రోజుకు పది వేల అడుగులు అనే లక్ష్యం 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన ఒక అడుగుల కొలత పరికరం పేరు నుంచి వ్యాపించింది. ఫలానా మనిషి ఎంత నడవగలడని అడిగి పెట్టిన సంఖ్య కాదది. 2014లో ఆపిల్ తన హెల్త్ యాప్‌ను విడుదల చేసినప్పుడు సూక్ష్మ పోషకాల దాకా నమోదు చేసే వీలుంది కానీ, నెలసరి నమోదుకు చోటు లేదు. విమర్శలు వచ్చాక మరుసటి ఏడాది చేర్చారు. ఆడవాళ్లను ‘ఆరోగ్యానికి సంబంధించి మీరు ఏం రాసిపెట్టుకుంటారు?’ అని అడిగి ఉంటే మొదటి రోజే బయటపడే విషయం అది.

దీనికి ఎదురుగా నిలిచేది ‘కౌచ్ టు 5కె’. 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ యువకుడు యాభై దాటిన తన తల్లిని పరుగు అలవాటు చేసుకునేలా చేయాలని ఈ ప్రణాళిక రాశాడు. వారానికి మూడు రోజులు, తొమ్మిది వారాలు. మొదటి వారంలో అరవై సెకన్లు పరుగు, తొంభై సెకన్లు నడక, మళ్లీ పరుగు. పరుగంటే బెదిరే మనిషి ఎక్కడ ఆయాసపడి ఆగిపోతుందో తెలిసి కట్టిన మెట్లివి. ఆ ప్రణాళికే తర్వాత ఎన్నో యాప్‌లకు ఆధారమైంది. బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ కూడా దాన్ని తీసుకుంది. ఒక్క తల్లి కోసం రాసింది అంతమందికి సరిపోవడానికి కారణం ఆవిడ వయసు కాదు, ఊరు కాదు. మొదటి వారంలోనే మానేసేలా చేసే ఆ బెదురు లెక్కలేనంతమందిలో ఉంది.

పర్సోనా తయారుచేసే పని పద్ధతిగా ఎలా సాగుతుందో చూడటానికి ఒక ఉదాహరణ కల్పించుకుందాం. హైదరాబాద్‌లో ఒక చిన్న బృందం నడక, వ్యాయామాల యాప్ నడుపుతోంది. గోడ మీద వాళ్ల ఊహా వినియోగదారు ఉన్నాడు: రాహుల్, 29 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బరువు తగ్గాలి, పోటీ ఇష్టం. బృందంలో సగం మంది అచ్చం ఇలాగే ఉంటారన్నది ఎవరికీ తట్టలేదు. అందుకే వరుసగా ఎన్ని రోజులు వ్యాయామం చేశారో లెక్కపెట్టి, ఒక్క రోజు తప్పినా సున్నాకు దించే ఏర్పాటు పెట్టారు. మొదటి నెల తిరక్కుండానే చాలామంది యాప్ తెరవడం మానేస్తున్నారు.

కారణం తెలుసుకోవడానికి బృందం మాట్లాడేందుకు పన్నెండు మందిని ఎంచుకుంది. నలుగురు రోజూ వాడేవాళ్లు, అయిదుగురు మధ్యలో మానేసినవాళ్లు, ముగ్గురు ఏ యాప్ లేకుండానే నడిచేవాళ్లు. ఇందులో మానేసినవాళ్లను ఒప్పించడమే కష్టం, వాళ్ల మాటే అన్నిటికన్నా విలువైనది. వాడుతున్నవాళ్లనే అడిగితే యాప్ ఎవరికి సరిపోయిందో తెలుస్తుంది, ఎవరిని తరిమేసిందో తెలియదు. ఒక్కొక్కరితో ముప్పావు గంట చొప్పున, అనుమతి తీసుకుని రికార్డు చేస్తూ మాట్లాడారు.

ప్రశ్న అడిగే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. ‘వారానికి ఎన్నిసార్లు వ్యాయామం చేస్తారు?’ అంటే ఎదుటివాళ్లు తాము చేయాలనుకుంటున్న సంఖ్య చెబుతారు. ‘ఈ సదుపాయం ఇస్తే వాడతారా?’ అంటే మొహమాటానికి అవునంటారు. ‘మీరు చివరిసారి నడకకు వెళ్లిన రోజు, పొద్దున లేచింది మొదలు ఏం జరిగిందో చెప్పండి’ అంటే మాత్రం జరిగిందే చెప్పాలి. మానేసినవాళ్లకు వేసిన ప్రశ్న: ‘యాప్ తెరవడం ఆపేసిన ఆ వారం ఇంట్లో ఏం జరుగుతోంది?’

జవాబుల్లోంచి బృందం వయసును, జీతాన్ని పక్కన పెట్టి ప్రవర్తనను గీతల మీద పెట్టింది. మొదలుపెట్టించింది ఎవరు, డాక్టరా, తన కోరికా? ఒంటరిగా చేస్తారా, తోడు కావాలా? అంకెలు చూస్తే ఉత్సాహమా, బెరుకా? విరామం వస్తే ఏం చేస్తారు? ఒక్కో గీత మీద పన్నెండు మందినీ నిలబెడితే, కొందరు ఒక గీత మీదే కాక మూడు నాలుగు గీతల మీద కూడా పక్కపక్కనే పడతారు. పర్సోనా పుట్టేది అక్కడే. షుగర్ ఉందని డాక్టర్ చెప్పడంతో నడక మొదలుపెట్టిన 52 ఏళ్ల టీచరమ్మ, కాన్పు తర్వాత తిరిగి మొదలుపెట్టిన 31 ఏళ్ల తల్లి, షిఫ్టులు మారే ఒక నర్సు ఇలా ఒకే చోట చేరారు. ముగ్గురి జీవితాల్లోనూ వారం పది రోజుల ఆటంకం మామూలే. ముగ్గురూ తిరిగి వచ్చి చూసేసరికి సున్నా కనిపించింది. ‘అంత చేసినా మళ్లీ మొదటికే’ అన్న అర్థం వచ్చే మాట మూడు రికార్డుల్లోనూ ఉంది.

వీళ్ల నుంచి సుజాత అనే పర్సోనా తయారైంది. ఆవిడ కార్డు మీద కాఫీ ఇష్టాల్లేవు. ‘ఆటంకాలు తన చేతిలో లేవు’, ‘మానేశానన్న భావన కలిగితే యాప్ తెరవదు’, ‘ఇంట్లోవాళ్లకు చూపించుకోవడం కన్నా డాక్టరుకు చూపించడం ముఖ్యం’ వంటి వాక్యాలున్నాయి. ఒక్కో వాక్యం పక్కన అది ఎన్నో నంబరు ఇంటర్వ్యూలో వినిపించిందో రాసి ఉంది. నంబరు లేని వాక్యాన్ని కొట్టేశారు. రోజువారీ వరుస లెక్క పోయి వారపు లక్ష్యం వచ్చింది. విరామం తర్వాత తెరిస్తే అప్పటిదాకా నడిచిన మొత్తం కనిపిస్తుంది.

ఈ పద్ధతికి హద్దు ఉంది. 2006లో గ్రెగ్ గెస్ట్, ఆయన సహచరులు ఘానా, నైజీరియాల్లో అరవై మంది మహిళలతో చేసిన ఇంటర్వ్యూలను పరిశీలించి, మొదటి పన్నెండింటిలోనే దాదాపు ముఖ్యమైన అంశాలన్నీ వచ్చేశాయని చూపారు. ఆ మహిళల పరిస్థితులు ఒకదానికొకటి దగ్గరగా ఉండేవి. జనం రకరకాలైతే పన్నెండు చాలదు. కొత్త మనిషితో మాట్లాడినా కొత్త సంగతి ఏదీ రావడం లేదంటేనే ఆపాలి. ఇంకా ముఖ్యమైనది, సుజాత లాంటివాళ్లు ఉన్నారని ఇంటర్వ్యూలు చెప్పగలవు, ఎంతమంది ఉన్నారో చెప్పలేవు. దానికి యాప్ వాడకపు లెక్కలు చూడాలి. వారం పైగా ఆగి తిరిగి వచ్చినవాళ్లు ఎందరో, వాళ్లలో సున్నా చూసి వెళ్లిపోయినవాళ్లు ఎందరో లెక్కతీస్తే, చాప్‌మన్ అడిగిన ‘తప్పని ఎలా తేలుతుంది?’ అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఒకసారి చేసిన పర్సోనా ఎల్లకాలం నిలవదు కూడా. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో జిమ్‌లు, పార్కులు మూతపడగానే, అంతకు ముందు నెల దాకా సేకరించిన వ్యాయామపు అలవాట్లన్నీ పాతబడిపోయాయి. కాబట్టి మీ ఆఫీసు గోడ మీద ఇలాంటి కార్డు ఉంటే, దాని మీద తేదీ ఉందో లేదో, ఎంతమందితో మాట్లాడి రాశారో చూడండి. రెండూ లేకపోతే దాన్ని దించి, మీ యాప్ మానేసిన ఒకరికి ఈ వారమే ఫోన్ చేయండి.