20డబ్ల్యూ-50 అంటే ఎండ లెక్క కాదు: ఇంజిన్ ఆయిల్ డబ్బా మీది అంకెలకు అర్థం ఇదీ

మే నెల వచ్చిందంటే కర్నూలు, కడప ఆయిల్ షాపుల్లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "మన ఎండలకు పల్చటి ఆయిల్ ఆగదు, చిక్కటిది పోయించు." డబ్బా మీద 20W-50 అని కనిపిస్తే, 20 డిగ్రీల చలి నుంచి 50 డిగ్రీల ఎండ దాకా పనికొచ్చే ఆయిల్ అని చాలామంది అనుకుంటారు. కర్నూలులో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి కాబట్టి ఈ లెక్క సరిగ్గానే ఉందనిపిస్తుంది. కానీ ఆ రెండు అంకెల్లో ఒక్కటి కూడా ఊరి ఎండను చెప్పేది కాదు. ఈ పొరపాటు వల్ల కొన్ని బండ్లకు అవసరం లేని చిక్కటి ఆయిల్ పడుతోంది. కొన్నిచోట్ల అవసరం లేని ఖరీదైన సింథటిక్‌కు డబ్బు పోతోంది.

రెండు అంకెలు, రెండు పరీక్షలు

ఆయిల్ ఎంత చిక్కగా ఉందో చెప్పే ఈ గ్రేడ్లను అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ తయారు చేసింది. మొదటి పట్టిక 1911లో వచ్చింది. తర్వాత చాలాసార్లు మారిన ఆ పట్టికనే ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు.

ముందున్న అంకె పక్కన కనిపించే 'డబ్ల్యూ' అంటే వింటర్, అంటే చలికాలం. గడ్డకట్టే చలిలో ఇంజిన్ తిరగడానికి ఆయిల్ ఎంత అడ్డుపడుతుందో ఈ అంకె చెబుతుంది. 20డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 15 డిగ్రీల దగ్గర, 10డబ్ల్యూను మైనస్ 25 దగ్గర, 5డబ్ల్యూను మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. అంకె ఎంత చిన్నదైతే ఆయిల్ చలిలో అంత సులువుగా కదులుతుంది.

రెండో అంకె వేడెక్కిన ఆయిల్‌ది. ఆయిల్‌ను 100 డిగ్రీలకు వేడి చేసి, సన్నని గాజు గొట్టం గుండా కిందికి జారడానికి ఎంతసేపు పడుతుందో కొలుస్తారు. ఆ కొలతను సెంటిస్టోక్‌లలో చెబుతారు. మామూలు నీళ్ల చిక్కదనం సుమారు 1 సెంటిస్టోక్. 100 డిగ్రీల దగ్గర 9.3 నుంచి 12.5 లోపు ఉంటే 30 గ్రేడ్, 12.5 నుంచి 16.3 లోపు ఉంటే 40, 16.3 నుంచి 21.9 లోపు ఉంటే 50. అంటే 30, 40, 50 అనేవి డిగ్రీలు కావు, తరగతుల పేర్లు మాత్రమే.

మరి మైనస్ డిగ్రీల అంకెతో మనకేం పని?

కర్నూలులో డిసెంబరు రాత్రి కూడా 15 డిగ్రీల కంటే కిందికి పోవడం అరుదు. అలాంటప్పుడు మైనస్ 25 దగ్గర చేసిన పరీక్ష మనకెందుకు అన్న ప్రశ్న సహజమే. దీనికి జవాబు ఇంజిన్ వైపు నుంచి చూస్తే దొరుకుతుంది. నడుస్తున్న ఇంజిన్‌లో ఆయిల్ 90 నుంచి 120 డిగ్రీల వరకు వేడిగా ఉంటుంది. దాంతో పోలిస్తే మే నెల మిట్టమధ్యాహ్నం 45 డిగ్రీలు కూడా 'చలే'.

సాధారణంగా దొరికే 10డబ్ల్యూ-30 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర సుమారు 10 సెంటిస్టోక్‌లు ఉంటుంది. అదే ఆయిల్ 45 డిగ్రీల మధ్యాహ్నం సుమారు 55, చలికాలం ఉదయం 15 డిగ్రీల దగ్గర సుమారు 250 ఉంటుంది. 20డబ్ల్యూ-50 అయితే 100 డిగ్రీల దగ్గర సుమారు 18, మే మధ్యాహ్నం 125, చలి ఉదయం 700 వరకు పోతుంది. అంటే మండుటెండలో కిక్ కొట్టినా, ఆ క్షణంలో ఆయిల్ తను పనిచేయాల్సిన స్థితి కంటే ఐదు నుంచి ఏడు రెట్లు చిక్కగానే ఉంటుంది.

బండి స్టార్ట్ అయ్యాక ఆయిల్ పైదాకా, హెడ్ వరకు చేరడానికి కొంత సమయం పడుతుంది. ఆలోగా అక్కడి లోహం పలుచటి పాత పొర మీదే రుద్దుకుంటుంది. అరుగుదలలో ఎక్కువ భాగం ఇలాంటి స్టార్టింగ్‌లలోనే జరుగుతుంది. పిల్లల్ని బడిలో దింపి, బజారుకెళ్లి, రోజుకు పదిసార్లు ఆపి నడిపే స్కూటీకి ముందు అంకె చిన్నగా ఉండటం రాయలసీమలో కూడా మేలే.

ఎండ పెరిగితే ఆయిల్ పల్చబడదా?

ఇది బండిని బట్టి ఉంటుంది. కారు ఇంజిన్‌ను రేడియేటర్‌లోని నీళ్లు చల్లబరుస్తాయి. థర్మోస్టాట్ ఆ నీళ్ల వేడిని సుమారు 90 డిగ్రీల దగ్గర నిలబెడుతుంది. కాబట్టి బయట 30 ఉన్నా 45 ఉన్నా కారు ఇంజిన్ ఆయిల్ వేడిలో వచ్చే తేడా తక్కువ.

గాలితో చల్లబడే బైకులు, ఆటోల సంగతి వేరు. కొండారెడ్డి బురుజు దగ్గరో, కడప ఏడు రోడ్ల సర్కిల్‌లోనో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇంజిన్‌కు గాలి తగలదు. అక్కడ ఊరి వేడి నేరుగా ఇంజిన్ వేడికి తోడవుతుంది. ఆయిల్ 120 డిగ్రీలకు చేరితే 30 గ్రేడ్ సుమారు 7 సెంటిస్టోక్‌లకు, 50 గ్రేడ్ సుమారు 11కు పల్చబడతాయి. గాలితో చల్లబడే పెద్ద ఇంజిన్లకు కంపెనీలే 50 గ్రేడ్ చెప్పడానికి ఒక కారణం ఇదే. అంటే ఎండను లెక్కలోకి తీసుకునే పని బండి తయారైనప్పుడే అయిపోయింది. బండితో వచ్చిన పుస్తకంలో రెండు మూడు గ్రేడ్లు ఇచ్చి ఉంటే, ఎండాకాలానికి వాటిలో రెండో అంకె పెద్దదాన్ని ఎంచుకోవచ్చు. పుస్తకంలో లేని గ్రేడ్‌కు మాత్రం పోకూడదు.

ఒక ఇల్లు, మూడు బండ్లు

కర్నూలు వన్‌టౌన్‌లో ఒక ఉమ్మడి కుటుంబాన్ని ఉదాహరణకు తీసుకుందాం. ఇంట్లో ఒక హోండా యాక్టివా, 350 సీసీ పాత యూసీఈ ఇంజిన్ బుల్లెట్, 5డబ్ల్యూ-30 అని పుస్తకంలో రాసి ఉన్న పెట్రోల్ కారు ఉన్నాయి. ఖర్చు కలిసొస్తుందని 20డబ్ల్యూ-50 పెద్ద డబ్బా ఒకటి తెచ్చి మూడింటికీ పోయిస్తే ఏమవుతుంది?

బుల్లెట్‌కు కంపెనీ చెప్పేది 15డబ్ల్యూ-50. వేడెక్కాక రెండు ఆయిళ్లూ ఒకే తరగతి. స్టార్టింగ్‌లో మాత్రం 20డబ్ల్యూ కాస్త బరువు. మన వాతావరణంలో ఇక్కడ నష్టం తక్కువే. యాక్టివాకు కంపెనీ చెప్పేది 10డబ్ల్యూ-30. అందులో 50 గ్రేడ్ పోస్తే చిన్న ఇంజిన్ ఆ చిక్కదనాన్ని నెట్టుకుంటూ తిరగాలి. బండి మొద్దుగా లాగుతుంది, మైలేజీ తగ్గుతుంది. కారుకు నష్టం ఇంకా ఎక్కువ. కొత్త కారు ఇంజిన్లలో ఆయిల్ దారులు, బేరింగుల మధ్య ఖాళీలు పల్చటి ఆయిల్‌కు తగ్గట్టు చేసినవి. వాల్వుల టైమింగ్‌ను మార్చే భాగాలు కూడా ఆయిల్ ఒత్తిడితోనే కదులుతాయి. చిక్కటి ఆయిల్ అక్కడికి ఆలస్యంగా చేరుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే కాసేపు టకటకమని శబ్దం రావడం దానికి ఒక గుర్తు.

చిక్కదనం ఒక్కటే చూసినా సరిపోదు. బుల్లెట్‌లో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. అందుకే దానికి డబ్బా మీద 'జాసో ఎంఏ2' అని ఉండాలి. యాక్టివా క్లచ్ ఆయిల్‌లో ఉండదు కాబట్టి దానికి 'జాసో ఎంబీ' ఆయిల్ చెబుతారు. అది ఎక్కువ జారుడుగా ఉంటుంది. మిగిలిందని దాన్ని బుల్లెట్‌లో పోస్తే క్లచ్ జారవచ్చు. టాప్ గేరులో యాక్సిలరేటర్ తిప్పినప్పుడు ఇంజిన్ శబ్దం పెరిగి, వేగం మాత్రం పెరగకపోతే ఇదే కారణమని అనుమానించాలి.

మినరల్, సింథటిక్: ఇది వేరే ప్రశ్న

డబ్బాలో ఎక్కువ భాగం బేస్ ఆయిల్, మిగతాది రసాయనాలు. ముడి చమురును శుద్ధి చేసి, అందులోని మైనాన్ని, గంధకాన్ని తగ్గించి తీసేది మినరల్ బేస్ ఆయిల్. మన దేశంలో ముంబయి, చెన్నైలోని మణలి, హల్దియా రిఫైనరీల్లో ఇది తయారవుతుంది. ఇందులో చిన్నా పెద్దా రకరకాల అణువులు కలిసి ఉంటాయి. సింథటిక్‌లో అణువులు చాలావరకు ఒకే తీరుగా ఉండేలా రసాయన చర్యలతో తయారు చేస్తారు.

సింథటిక్ అనే మాటకు కూడా పరిధి ఉంది. మొదట్లో చిన్న అణువులను కలిపి కొత్తగా కట్టిన ఆయిల్‌నే అలా పిలిచేవారు. ముడి చమురు నుంచి వచ్చిన బేస్ ఆయిల్‌నే అధిక ఒత్తిడిలో హైడ్రోజన్‌తో మార్చి, 'సింథటిక్' పేరుతో క్యాస్ట్రాల్ అమ్మడంపై మొబిల్ అమెరికాలో ఫిర్యాదు చేసింది. 1999లో అక్కడి ప్రకటనల పరిశీలక విభాగం క్యాస్ట్రాల్ వైపు తీర్పు ఇచ్చింది. ఇప్పుడు సింథటిక్ పేరుతో అమ్ముడయ్యే ఆయిళ్లలో చాలావరకు ఈ రకమే. పనితీరులో ఇది మంచిదే. ఇక 'సెమీ సింథటిక్' అంటే రెండూ కలిపినది. అందులో సింథటిక్ ఎంత ఉందో ఆ పేరు చెప్పదు.

10డబ్ల్యూ-30 మినరల్‌లోనూ దొరుకుతుంది, సింథటిక్‌లోనూ దొరుకుతుంది. కొత్తగా ఉన్నప్పుడు రెండింటి చిక్కదనం ఒకే తరగతి. తేడా వాడే కొద్దీ బయటపడుతుంది. మినరల్ ఆయిల్ వేడికి పల్చబడకుండా ఉండేందుకు అందులో పాలిమర్ ఎక్కువగా కలపాలి. ఆ పాలిమర్ పోగులు చల్లగా ఉన్నప్పుడు ముడుచుకుని, వేడికి ఉడికిన సేమియాలా సాగి ఆయిల్‌ను చిక్కగా నిలబెడతాయి. బైకులో ఇంజిన్ ఆయిలే గేర్లకు కూడా కాబట్టి, గేరు పళ్ల మధ్య నలిగి ఆ పోగులు తెగిపోతాయి. అప్పుడు 50గా మొదలైన ఆయిల్ 40 స్థాయికి దిగిపోవచ్చు. సింథటిక్‌కు పాలిమర్ అవసరం తక్కువ కాబట్టి ఈ పతనం కూడా తక్కువ.

రెండోది మాడిపోవడం. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు ఆయిల్ గాలితో కలిసి చెడిపోయే వేగం దాదాపు రెట్టింపు అవుతుందని ఇంజినీర్లు లెక్క వేస్తారు. సింథటిక్ దీన్ని ఎక్కువకాలం తట్టుకుంటుంది, ఆవిరైపోవడం కూడా తక్కువ. ఆయిల్ పోసే మూత లోపల జిగట మడ్డి, గోధుమరంగు పొర కనిపిస్తే ఆయిల్ మాడుతోందని అర్థం. నల్లబడటం మాత్రం దానికదే చెడిపోయిన గుర్తు కాదు. మసిని పట్టి ఉంచే రసాయనం తన పని చేస్తోందని అనుకోవచ్చు. డీజిల్ బండ్లలో ఆయిల్ కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది.

దుమ్ముకు సింథటిక్ మందు కాదు

బేతంచెర్ల రాతి గనుల దారుల్లో, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల చుట్టూ తిరిగే బండ్లకు అసలు శత్రువు వేడి కంటే దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ దాటి వచ్చిన సన్నని దుమ్ము ఆయిల్‌లో కలిసి బోరును సానపెట్టినట్టు అరగదీస్తుంది. ఆయిల్ ఎంత ఖరీదైనదైనా ఆ దుమ్మును కరిగించలేదు. అక్కడ సింథటిక్ పోసి ఎక్కువ కిలోమీటర్లు లాగించడం కంటే, సరైన గ్రేడ్ మినరల్ ఆయిల్‌ను గడువుకు ముందే మార్చి, ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉంచడం మేలు. కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడప హైవేలో గంటల తరబడి వేగంగా నడిచే కారుకైతే సింథటిక్ ఖర్చు గిట్టుతుంది. పుస్తకంలోనే సింథటిక్ అని ఉంటే మినరల్‌కు దిగకూడదు.

పాత ఇంజిన్ నీలిపొగ వదులుతూ ఆయిల్ తాగుతుంటే, మెకానిక్‌లు 30 నుంచి 40కి మార్చమంటారు. దానివల్ల ఆయిల్ తాగడం కొంత తగ్గుతుంది. కానీ అరిగిన రింగులు మళ్లీ కొత్తవి కావు. అది బోరు పని చేయించే దాకా గడిపే ఏర్పాటు మాత్రమే.

షాపులో డబ్బా చేతికి తీసుకున్నప్పుడు ముందు పుస్తకంలోని గ్రేడ్ చూడాలి, తర్వాత ఎంఏ2నా ఎంబీనా అన్నది చూడాలి, మినరలా సింథటికా అన్నది ఆ తర్వాత. డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజు ఆయిల్‌కు ఈ మూడింటిలో ఏదీ రాసి ఉండదు కాబట్టి దాన్ని వదిలేయడమే మంచిది.