కరగడం కాదు, గాజుదనం వీడడం
మరిగే టీ పోయగానే ముడుచుకున్న పెట్ సీసా ‘కరిగింది’ అనేస్తారు, టీకొట్ల దగ్గరైనా, ఇంకెక్కడైనా. ఆ మాట తప్పు. పెట్‌లో వరుసగా పేర్చుకున్న స్ఫటిక భాగాలు కరిగేది సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర. 75 డిగ్రీల దరిదాపుల్లో జరిగేది వేరు: చిందరవందరగా బిగుసుకున్న అణువుల గొలుసులకు కదలిక వస్తుంది, సాగదీసి ఊదిన సీసా వెనక్కి ముడుచుకుంటుంది. ఇదే గాజు పరివర్తన. మాట విషయానికొస్తే, సంస్కృత ‘కాచం’ తెలుగులో ‘గాజు’ అయింది. ఆ పదార్థంతో చేసిన చేతి నగకూ అదే పేరు నిలిచి, చివరికి బంగారు గాజులూ వచ్చాయి. శాస్త్రంలో మాత్రం గాజు అంటే క్రమం లేకుండా గట్టిపడిన స్థితి. దానికి భిన్నంగా, స్ఫటికాలు పెరిగితే పెట్ బిరుసెక్కుతుంది. అవి పెద్దవైతే వెలుగు చెదిరి పెట్ తెల్లబడుతుంది. వేడిగా నింపే కొన్ని పళ్లరసం సీసాల మూతి తెల్లగా ఉండేది అందుకే: వేడికి వంకర పోకుండా దాన్ని కావాలనే స్ఫటికంగా మారుస్తారు.