సిన్నారిజిన్, బీటాహిస్టిన్: తల తిరుగుడు మందులు

సిన్నారిజిన్, బీటాహిస్టిన్ తల తిరుగుడుకు మన దేశంలో విరివిగా వాడే రెండు మందులు. పెంటపాడు, ఏలూరు ప్రాంతాల్లో ‘కళ్లు తిరుగుతున్నాయి’ అనే ఒక్క మాట కింద మూడు రకాల బాధలు దాక్కుంటాయి. ఒకటి, మనిషి కదలకపోయినా గది గిర్రున తిరుగుతున్నట్టు ఉండటం. రెండోది, లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మడం. మూడోది, తలలో ఏమీ లేకున్నా నడుస్తుంటే తూలడం. ఈ మందులకు పని ఉన్నది మొదటి రకంలోనే, అదీ అందులో కొంతవరకే. అందుచేత ఏ మాత్ర మంచిదన్న ప్రశ్నకు ముందు, ఇది ఏ తిరుగుడు అన్నది తేలాలి.

సిన్నారిజిన్ లోపలి చెవి నుంచి మెదడుకు చేరే సంకేతాలను అణచి, వాంతిని తగ్గిస్తుంది. చెవి నరం వాచి ఉన్నట్టుండి గంటల తరబడి తల తిరుగుతూ వాంతులైతే మొదటి రెండు మూడు రోజులు ఇది మేలు చేస్తుంది. ఆ తరువాత అదే అడ్డు. చెడిన చెవికి తగ్గట్టు మెదడు తనను సర్దుకోవాలంటే దానికి ఆ సంకేతాలు అందాలి. బీటాహిస్టిన్ మత్తు కలిగించదు. చెవిలో హోరు, వినికిడి తగ్గడం, విడతలు విడతలుగా తల తిరగడం కలిసి వచ్చే మెనియేర్ జబ్బులో దీన్ని ఎక్కువగా రాస్తారు. అయితే 2016లో వెలువడిన జర్మనీ పరిశోధనలో 221 మంది రోగులను తొమ్మిది నెలలు గమనించగా, బీటాహిస్టిన్ వేసుకున్నవారికీ, మందు లేని ఉత్త మాత్ర వేసుకున్నవారికీ తిరుగుడు విడతలు దాదాపు ఒకేలా తగ్గాయి. కొందరికి వాడి చూడవచ్చుగానీ, గుణం కనబడకపోతే ఏళ్ల తరబడి సాగదీయడానికి ఆధారం లేదు. ఉబ్బసం, కడుపులో పుండు ఉన్నవారు జాగ్రత్తగా వాడాలి.

‘మాత్ర వేసుకున్నాక తగ్గిందిగా’ అన్నది తరచు వినిపించే వాదన. డెబ్బై దాటిన ఒక స్త్రీకి పడక మీద కుడివైపు ఒత్తిగిలినప్పుడల్లా అర నిమిషం గది తిరిగి ఆగిపోతుందనుకుందాం. లోపలి చెవిలోని సున్నపు రేణువులు చోటు తప్పి అర్ధవృత్తాకార నాళంలో పడటమే దీనికి ఎక్కువగా కారణం. ఇది చాలామందిలో కొన్ని వారాలకు తనంతట తానే తగ్గుతుంది, పేరు మాత్రకు వస్తుంది. రేణువులను మాత్ర కదల్చలేదు. తలను ఒక పక్కకు తిప్పి వెల్లకిలా పడుకోబెట్టి కనుగుడ్ల అదురు చూసే డిక్స్-హాల్‌పైక్ పరీక్షతో జబ్బు తేలుతుంది. తలను వరుసగా నాలుగు భంగిమల్లో తిప్పే ఎప్లే పద్ధతితో రేణువులు వెనక్కి చేరతాయి. ఊళ్లో చెవి డాక్టరు లేరన్న అభ్యంతరం ఇక్కడ పూర్తిగా చెల్లదు. ఈ రెంటికీ యంత్రాలు అక్కర్లేదు, నేర్చిన చేతులూ ఒక మంచమూ చాలు. మెడ జబ్బు ఉన్నవారికి మాత్రం జాగ్రత్త తప్పదు.

ఆమెకే సిన్నారిజిన్ 25 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడు పూటలా నెలల తరబడి నడిచిందనుకుందాం. మొదట మగత. రాత్రి మూత్రానికి లేచినప్పుడు తూలుతుంది. తరువాత అడుగు చిన్నదవుతుంది, చేతులు బిగుసుకుంటాయి, వణుకు వస్తుంది. ఈ మందు మెదడులో డోపమైన్ పనికి అడ్డుపడి పార్కిన్సన్ లక్షణాలు తెప్పించగలదు. వృద్ధులకు ఆ ముప్పు ఎక్కువ. మందు ఆపితే చాలామందిలో తగ్గుతాయిగానీ, నెలలు పట్టవచ్చు. పడిపోకుండా ఇచ్చిన మాత్రే పడదోయడం అంటే ఇదే. రెండో రకం తిరుగుడైతే వేరే లెక్క: పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక మూడు నిమిషాల్లోపు మరోసారి బీపీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే వాడుతున్న బీపీ, ప్రోస్టేటు, నిద్ర మందులను డాక్టరు సరిచూడాలి. అక్కడ తల తిరుగుడు మాత్ర కలపడం తప్పు.

ఏ మాత్రా వేసి ఎదురుచూడకూడని తిరుగుళ్లు కొన్ని ఉన్నాయి. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛ, వాంతులు, కళ్లు తిరగడం, స్పృహ తప్పడంతో ఆసుపత్రిలో చేరారు. రక్తపు నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని ఢిల్లీ ఎయిమ్స్ తెలిపింది. తిరుగుడుతో పాటు ఫిట్స్ గానీ స్పృహ తప్పడం గానీ ఉంటే అది చెవి మాత్రతో పోయేది కాదని ఆ సంఘటన చూపింది. ఉన్నట్టుండి తల తిరిగి ఆసరా లేకుండా నిలబడలేకపోవడం, మాట తడబడటం, మూతి వంకరపోవడం, ఒక పక్క చచ్చుబడటం, ఒకటి రెండుగా కనిపించడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, గుండెనొప్పి, తలకు దెబ్బ తగలడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయాలి. మెదడు వెనక భాగపు పక్షవాతం ఒక్కోసారి ఉత్త తల తిరుగుడులాగే మొదలవుతుంది. ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోతే ఆ రోజే చూపించుకోవాలి. మిగిలిన సందర్భాల్లో మాత్ర రాసినవారిని అడగవలసింది ఒకటుంది: దీన్ని ఏ రోజున ఆపాలి?