స్క్రీన్ మిర్రరింగ్‌లో టీవీ కనబడకపోవడం

ఫోన్ తెర మీది దృశ్యాన్ని వై-ఫై ద్వారా టీవీలో చూపించడాన్ని స్క్రీన్ మిర్రరింగ్ అంటారు. రెండూ ఒకే వై-ఫైకి కలిసి ఉన్నట్టు కనిపిస్తున్నా, ఫోన్ వెతికినప్పుడు జాబితాలో టీవీ పేరు రాకపోవడం ఇందులో చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది. సాధారణంగా ఆ తప్పును టీవీకో ఫోనుకో అంటగడతారు. ఈ సాంకేతికత ఎదిగిన క్రమాన్ని పరిశీలిస్తే మాత్రం కారణం ఎక్కువగా ఆ రెంటి మధ్య ఉన్న దారిలోనే కనిపిస్తుంది. ఒకే నెట్‌వర్క్ అంటే వాడేవారికి వై-ఫై పేరు ఒకటే కావడం. యంత్రాలకు మాత్రం, ఒకటి వేసిన కేక రెండోదానికి నేరుగా వినబడడం. పేరు కలిసి, కేక వినబడని చోట టీవీ దొరకదు.

యంత్రాలు ఒకదాన్నొకటి పేరుతో వెతుక్కునే పద్ధతి ఫోన్ల కంటే చాలా పాతది. 1985లో ఆపిల్ సంస్థ తెచ్చిన ఆపిల్‌టాక్‌లో నేమ్ బైండింగ్ ప్రోటోకాల్ అనే ఏర్పాటు ఉండేది. మాకింతోష్ వాడేవారు చూజర్ అనే చిన్న కిటికీ తెరిస్తే ఆఫీసులోని ప్రింటర్ల పేర్లు వాటంతటవే వచ్చేవి. పెద్ద కార్యాలయాన్ని జోన్లుగా విభజించినా ఇబ్బంది ఉండేది కాదు, ఎందుకంటే ఒక జోన్‌లో అడిగిన ప్రశ్నను రౌటర్లే మరో జోన్‌కు చేరవేసేవి. ఇంటర్నెట్ వైపు 1989లో స్టీవ్ డీరింగ్ మల్టీకాస్ట్‌కు ప్రమాణం రాశారు. ఒక్కసారి పంపిన సందేశం వినదలచిన యంత్రాలన్నిటికీ చేరడం దాని సారాంశం.

ఆపిల్‌టాక్‌లోని సౌలభ్యం ఇంటర్నెట్ ప్రోటోకాల్‌లోనూ ఉండాలని పట్టుబట్టినవారిలో ముఖ్యుడు స్టువర్ట్ చెషైర్. ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్‌లో 1999లో ఇందుకోసం జీరోకాన్ఫ్ అనే కార్యవర్గం ఏర్పడింది. 2002లో మాక్ ఓఎస్ టెన్ 10.2తో ఆపిల్ ఈ వెతుకులాట పద్ధతిని రాండెవూ పేరుతో విడుదల చేసి, 2005లో ఆ పేరును బోంజూర్‌గా మార్చింది. ఏళ్ల తరబడి వాడుకలో నలిగాక 2013 ఫిబ్రవరిలో ఇది ఆర్‌ఎఫ్‌సీ 6762, 6763లుగా అధికారిక ప్రమాణమైంది. పద్ధతి ముచ్చటగా, క్లుప్తంగా ఉంటుంది. వెతికే యంత్రం 224.0.0.251 అనే ఉమ్మడి చిరునామాకు, 5353 పోర్టులో ప్రశ్న పంపుతుంది. ఆ సేవ ఉన్న యంత్రం తన పేరు, చిరునామా చెబుతుంది. మధ్యలో సర్వర్ గానీ నమోదు పుస్తకం గానీ అక్కర్లేదు. అయితే 224.0.0.0 నుంచి 224.0.0.255 వరకు ఉన్న చిరునామాలకు వచ్చిన సందేశాన్ని ఏ రౌటరూ అవతలికి పంపకూడదన్నది నియమం. అంటే ఆపిల్‌టాక్ రౌటర్లు మోసిన ప్రశ్నను ఇక్కడ రౌటర్లు గుమ్మంలోనే ఆపేస్తాయి. ఇది ఎవరూ గమనించక మిగిలిన లోపం కాదు, తెలిసి గీసిన గీత. ఇంట్లోని ప్రింటర్ కోసం వేసిన కేక ఊరంతా తిరగకూడదన్న ఆలోచన సరైనదే. గీత ఎక్కడుందో వాడేవారికి కనబడకపోవడమే చిక్కు.

టీవీలు ఈ పద్ధతిని త్వరగానే అందుకున్నాయి. 2010లో ఎయిర్‌ప్లే వచ్చింది. 2013లో వచ్చిన క్రోమ్‌కాస్ట్ మొదట 239.255.255.250 చిరునామా వాడే ఎస్‌ఎస్‌డీపీ అనే మరో పద్ధతి మీద ఆధారపడి, తర్వాత బోంజూర్ దారికి మారింది. ఇప్పుడు ఫోన్ వెతికేది `_googlecast._tcp` అనే సేవను. 2012లో వచ్చిన మిరాకాస్ట్ వేరే తెగ. అందులో ఫోన్, టీవీ వై-ఫై డైరెక్ట్‌తో నేరుగా కలుస్తాయి కనుక సాధారణంగా రౌటర్ ప్రమేయమే ఉండదు. అలాంటి టీవీ దొరకనప్పుడు నెట్‌వర్క్ పేర్లు సరిచూసి లాభం లేదు.

గీత ఎలా అడ్డుపడుతుందో ఒక ఇంటి అమరికలో చూడవచ్చు. హాల్లో ఫైబర్ కంపెనీ పెట్టిన పెట్టె ఉంది. టీవీ దానికి కలిసి 192.168.1.7 చిరునామా తీసుకుంది. లోపలి గదికి సిగ్నల్ అందక మరో రౌటర్ కొని, హాల్లోని పెట్టె నుంచి తీగ తెచ్చి దాని WAN రంధ్రంలో పెట్టి, అదే వై-ఫై పేరు, అదే పాస్‌వర్డ్ ఇచ్చారు. గదిలోని ఫోన్‌కు 192.168.0.105 వచ్చింది. తెర మీద పేరు ఒకటే, నెట్‌వర్కులు మాత్రం రెండు. ఫోన్ ప్రశ్న రెండో రౌటర్ దగ్గరే ఆగిపోతుంది. చిరునామాలో మూడో సంఖ్య ఒకచోట 1, ఇంకోచోట 0 ఉండడమే గుర్తు. రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌కు మారిస్తే ఫోన్‌కు కూడా 192.168.1 తో మొదలయ్యే చిరునామా వచ్చి, టీవీ జాబితాలో కనిపిస్తుంది. ఆ మోడ్ లేని రౌటర్‌కైతే ముందు 192.168.1.2 వంటి ఎవరూ వాడని చిరునామా ఇచ్చి, దాని DHCP ఆపి, తీగను WAN నుంచి తీసి LAN రంధ్రంలో పెట్టాలి.

దీనికి ఒక అభ్యంతరం వినిపిస్తుంది. అదే గదిలోంచి, నెట్‌వర్క్ పరీక్షించే ఆప్‌లో కింది ఆదేశం ఇస్తే టీవీ నుంచి జవాబు వస్తుంది కదా, దారి తెగిపోయిందని ఎలా అనగలం?

```
ping 192.168.1.7
```

జవాబు రావడం నిజమే. ఫలానా చిరునామాకని రాసిన ఉత్తరాన్ని రెండో రౌటర్ తన పేరు మీద బయటికి పంపి, తిరుగు జవాబు తెచ్చి ఇస్తుంది. అందరికీ వేసిన కేకను మాత్రం పంపదు. చిరునామా తెలిస్తే చేరగలగడం, చిరునామా తెలుసుకోగలగడం వేర్వేరు పనులని ఈ పరీక్షే రుజువు చేస్తోంది. టీవీలో కనిపించే కోడ్ ఫోన్‌లో కొడితే యూట్యూబ్ పనిచేయడాన్నీ ఇలాగే అర్థం చేసుకోవాలి. ఆ కలయిక ఇంటర్నెట్ మీదుగా జరుగుతుంది, ఇంట్లోని దారి బాగుందనడానికి అది సాక్ష్యం కాదు.

మరో అభ్యంతరం ఇంకా బలమైనది. చిరునామాలు రెండూ 192.168.1 తోనే మొదలైనా టీవీ దొరకని ఇళ్లున్నాయి. అక్కడ ముందుగా అనుమానించాల్సింది రౌటర్‌లోని AP Isolation అనే అమరికను. గెస్ట్ వై-ఫైలో ఇది చాలాచోట్ల ముందే వేసి ఉంటుంది. ఒక పరికరం ఇంకో పరికరంతో మాట్లాడకుండా ఆపడమే దాని పని, కనుక ఇక్కడ పింగ్‌కూ జవాబు రాదు. కొన్ని టీవీలు నిద్రావస్థలో పింగ్‌ను పట్టించుకోవు కాబట్టి ఫోన్ నుంచి మరో ఫోన్‌కూ పరీక్షించి చూడడం మంచిది. టీవీ ఆన్ చేశాక కాసేపు కనిపించి, నాలుగు నిమిషాల తర్వాత మాయమైతే ఐజీఎంపీ స్నూపింగ్‌ను చూడాలి. ఎవరు ఏ కేక వింటామన్నారో గుర్తుంచుకునే ఈ ఏర్పాటుకు, ఇంకా వింటున్నారా అని అడిగేవారు నెట్‌వర్క్‌లో ఒకరుండాలి. లేకపోతే మామూలుగా 260 సెకన్లకు ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది. ఎస్‌ఎస్‌డీపీ వాడే టీవీలకు ఈ దెబ్బ ఎక్కువ.

2020 సెప్టెంబరులో వచ్చిన ఐఓఎస్ 14తో ఫోన్‌లోనే మరో గుమ్మం ఏర్పడింది. ఇంటి నెట్‌వర్క్‌లో వెతకడానికి ప్రతి ఆప్‌కూ అనుమతి అడగడం మొదలైంది. ఒక ఆప్‌కు దొరకని టీవీ అదే ఫోన్‌లో ఇంకో ఆప్‌కు దొరికితే రౌటర్ జోలికి పోనక్కర్లేదు, సెట్టింగ్స్‌లో ఆ అనుమతి చూస్తే చాలు. అదే ఏడాది జూన్‌లో చెషైర్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 8766 ప్రమాణమైంది. కేకను గీత దాటించకుండానే, అవతలి నెట్‌వర్క్‌లో ఒక ప్రతినిధిని ఉంచి, ఫోన్ తరఫున అతడి చేత అడిగించడం అందులోని పద్ధతి. ఆపిల్‌టాక్ రౌటర్లు చేసిన పనికి ఇది మెరుగైన రూపం.