ఒక పెసో, ఒక డాలర్: అర్జెంటీనా పతనానికి చెప్పే కారణాలు చాలవు

సొంత డబ్బును అదుపులో పెట్టుకోలేని దేశాలు పరాయి డబ్బుకు తమను కట్టేసుకోవడం కొత్త సంగతి కాదు. 1849లో మారిషస్‌లో మొదలైన కరెన్సీ బోర్డు ఆ తర్వాత బ్రిటిష్ వలసలు చాలావాటికి పాకింది. పద్ధతి తేలిక. బోర్డు విడుదల చేసే ప్రతి నోటుకూ సరిపడా విదేశీ నిల్వ దాని దగ్గర ఉండాలి, నోటు తెచ్చినవాడికి నిర్ణీత రేటుకు ఆ విదేశీ డబ్బు ఇచ్చి తీరాలి. నిల్వ లేకుండా ఒక్క నోటూ అచ్చు కాదు కాబట్టి ప్రభుత్వం లోటు పూడ్చుకోవడానికి నోట్లు ముద్రించే దారి మూసుకుపోతుంది. పనామా 1904లో ఇంకో అడుగు ముందుకేసి డాలర్‌నే తన డబ్బుగా వాడుకుంది. హాంగ్‌కాంగ్ 1983లో ఒక అమెరికా డాలర్‌కు 7.80 చొప్పున తన డబ్బును కట్టేసింది. ఎస్తోనియా 1992లో ఒక జర్మన్ మార్కుకు ఎనిమిది క్రూన్లు అంది. ఇంతవరకూ వివాదం పెద్దగా లేదు. వివాదమంతా అర్జెంటీనా దగ్గరే.

1989లో ఆ దేశంలో ధరలు ఏడాదిలో మూడు వేల శాతానికి పైగా పెరిగాయి. ఉదయం తీసుకున్న జీతం సాయంత్రానికి కరిగిపోయే రోజులవి. 1991 ఏప్రిల్ 1 నుంచి అమలైన కన్వర్టిబిలిటీ చట్టం పదివేల ఆస్ట్రల్‌లను ఒక డాలర్‌తో ముడిపెట్టింది. మరుసటి జనవరిలో ఆ పదివేలనే ఒక పెసోగా మార్చారు. దీని రూపకర్త ఆర్థికమంత్రి దొమింగో కవాల్యో. మూడేళ్లలో ద్రవ్యోల్బణం నాలుగు శాతం దగ్గరికి దిగింది. ఈ విజయాన్ని తక్కువ చేయడం న్యాయం కాదు.

పదేళ్లకు అదంతా కూలింది. ఎందుకు కూలిందో చెప్పే వాదాలు రెండు బాగా ప్రచారంలో ఉన్నాయి. ఐఎంఎఫ్‌లో ప్రధాన ఆర్థికవేత్తగా పనిచేసిన మైకేల్ ముస్సా వంటివారు తప్పు ప్రధానంగా ఖర్చు తగ్గించుకోని ప్రభుత్వానిదే అన్నారు. స్టీవ్ హాంకే వంటివారు అది అసలు కరెన్సీ బోర్డే కాదన్నారు. నిల్వల్లో మూడో వంతు దాకా సొంత ప్రభుత్వ బాండ్లనే చూపుకునే వెసులుబాటు కేంద్ర బ్యాంకుకు ఉండటం వారి ఆధారం. రెండింటిలోనూ నిజముంది. రాష్ట్రాల ఖర్చు అదుపు తప్పింది, చివరికి బ్యూనస్ ఎయిరీస్ రాష్ట్రం జీతాలకు డబ్బు చాలక 'పటకోన్' అనే తన సొంత పత్రాలు పంచింది. అయితే లోటులో కొంత భాగం 1994లో పెన్షన్లను ప్రైవేటుకు మళ్లించడం వల్ల ఏర్పడింది. ప్రైవేటుకు మారిన ఉద్యోగుల చందాలు ప్రభుత్వానికి రావడం ఆగింది, పాత పెన్షన్ల బరువు మాత్రం అలాగే ఉండిపోయింది. ఈ లెక్క పక్కన పెట్టి దుబారా అనడం తొందరపాటు.

నా అభిప్రాయంలో ఈ రెండు వాదాలూ అసలు చోటును దాటిపోతున్నాయి. ఆ చోటు బ్యాంకు. చట్టం హామీ ఇచ్చింది నోటుకు, బ్యాంకులో జమకు కాదు. జనం రెండూ ఒకటే అనుకున్నారు. పెసో, డాలర్ ఒకటే అన్నప్పుడు ఎక్కువ భద్రమైనదాన్ని ఎంచుకోవడం సహజం. అందుకే డిపాజిట్లలోనూ అప్పుల్లోనూ సగానికి పైగా డాలర్లలోకి మారిపోయాయి. కానీ బ్యాంకు అప్పుగా ఇచ్చిన డాలర్లు తిరిగి వచ్చేది పెసోలు సంపాదించేవారి నుంచే. నెలకు వెయ్యి పెసోల జీతగాడు ఇంటి కోసం ముప్పై వేల డాలర్లు అప్పు చేశాడనుకుందాం. రేటు ఒకటికి ఒకటి ఉన్నంతవరకు అది ముప్పై నెలల జీతం. మూడుకు ఒకటి అయిన రోజున తొంభై నెలల జీతం. అతనిలాంటివాళ్లు లక్షల్లో ఉంటే రేటు మార్చడమంటే బ్యాంకుల్ని మూయడమే. అంటే ఒప్పందాలన్నీ కలిసి రేటును చట్టం కన్నా గట్టిగా బంధించాయి. అలా బంధించిన కొద్దీ తెగినప్పటి నష్టం పెరిగింది.

ఈ బలహీనత మొదట బయటపడింది 1995లో. మెక్సికో సంక్షోభం తాకిడికి కొద్ది నెలల్లోనే డిపాజిట్లు దాదాపు 18 శాతం తరిగిపోయాయి. కరెన్సీ బోర్డు చివరి రుణదాతగా నిలబడలేదు, కాబట్టి బయటి నుంచి అప్పు తెచ్చి గండం గట్టెక్కారు. గెలిచామనుకున్నారు. అది హెచ్చరిక అని నేనంటాను.

1999 జనవరిలో పొరుగున ఉన్న పెద్ద కొనుగోలుదారు బ్రెజిల్ తన రియాల్ విలువను వదిలేసింది. అర్జెంటీనా సరుకు ఒక్కసారిగా ఖరీదైపోయింది. రేటు మార్చే వీలు లేనప్పుడు మిగిలే దారి జీతాలూ ధరలూ తగ్గడమే. అవి తగ్గాయి కూడా, కానీ ఏటా ఒక శాతం మేరకే. అప్పులు మాత్రం డాలర్లలో అంతే ఉండిపోయాయి. ఆదాయం తగ్గుతూ అప్పు తగ్గకపోతే జరిగేది దివాలాయే. పెసో డిపాజిట్‌కు ఇచ్చే వడ్డీ, డాలర్ డిపాజిట్‌కు ఇచ్చే వడ్డీ మధ్య తేడా పెరుగుతూ పోవడాన్ని అప్పుడే గమనించి ఉండాల్సింది. మార్పు రాదని జనం నిజంగా నమ్మితే ఆ తేడా ఉండదు.

2001లో మళ్లీ మంత్రి అయిన కవాల్యో యూరోను కూడా ముడిలో చేర్చే చట్టం తెచ్చారు. రేటుపై అనుమానాన్ని ఆయనే పెంచారని నేనంటాను. ఆ ఏడాది డిపాజిట్లలో దాదాపు ఐదో వంతు వెళ్లిపోయింది. డిసెంబరులో వారానికి 250 పెసోలకు మించి తీయకూడదన్న 'కొర్రాలీతో' వచ్చింది. జనం వీధుల్లోకి వచ్చారు, 20న అధ్యక్షుడు దె లా రువా రాజీనామా చేశారు. 2002 జనవరి 6న కన్వర్టిబిలిటీ ముగిసింది. డాలర్ అప్పులను ఒకటికి ఒక పెసో చొప్పున, డాలర్ డిపాజిట్లను 1.40 చొప్పున మార్చారు. ఆ తేడా బ్యాంకుల మీద పడింది, బాండ్లిచ్చి పూడ్చడం ప్రభుత్వం మీద పడింది. కొన్ని నెలల్లో డాలర్ నాలుగు పెసోల దగ్గరికి చేరింది. దాచుకున్నవాడు నష్టపోయాడు. ఆ ఏడాది దేశ ఉత్పత్తి 11 శాతం కుదించుకుపోయింది.

నా వాదానికి ఎదురునిలిచే ఉదాహరణ ఎస్తోనియా. అక్కడా గృహరుణాలు ఎక్కువగా యూరోల్లోనే ఇచ్చారు, 2009లో ఉత్పత్తి 14 శాతానికి పైగా పడిపోయింది. అయినా బోర్డు నిలబడింది. బ్యాంకులు ఎక్కువగా స్వీడిష్ సంస్థలవి కాబట్టి డబ్బు మాతృబ్యాంకు నుంచి వచ్చింది. పైగా ఆవలి ఒడ్డున యూరో ఉంది. 2011లో అందులో చేరారు. బల్గేరియా కూడా 1997 నుంచి బోర్డును నిలబెట్టుకుని 2026 జనవరిలో యూరోలోకి వెళ్లింది. వంతెనగా వాడినచోట బోర్డు నిలిచింది, ఇల్లుగా వాడినచోట కూలింది అనుకుంటున్నాను. హాంగ్‌కాంగ్ మినహాయింపే, కానీ దాని నిల్వలూ జమాఖర్చులూ అర్జెంటీనా ఎన్నడూ చూడనివి.

ఈక్వడార్ 2000లో 25,000 సుక్రేలకు ఒక డాలర్ చొప్పున సొంత డబ్బునే రద్దు చేసింది. ధరలు నిలకడ పడ్డాయి, ప్రజలు డాలర్‌ను వదులుకోవడానికి ఇష్టపడరు. దాన్ని నేను కాదనను. కానీ ఆ దేశం 2008లో అప్పు ఎగవేసింది, 2020లో మళ్లీ సర్దుబాటు కోరింది. డబ్బును మార్చుకున్నంత మాత్రాన ఖజానా మారలేదు. అర్జెంటీనాలో 2023 ఎన్నికల్లో హావియర్ మిలెయ్ డాలరీకరణ హామీతో గెలిచారు, అధికారంలోకి వచ్చాక మాత్రం అమలు చేయలేదు. చేస్తే మొదట అడగాల్సిన ప్రశ్న ధరల గురించి కాదు. బ్యాంకు దగ్గర క్యూ కట్టిన రోజున డాలర్లు ఎవరిస్తారన్నది తేలాలి.

అర్జెంటీనా ప్రజలు ఇళ్లలోనూ లాకర్లలోనూ విదేశీ ఖాతాల్లోనూ దాచుకున్న డాలర్లు 2002 తర్వాత తమ దేశపు బ్యాంకుల్లోకి ఈనాటికీ పూర్తిగా తిరిగి రాలేదు.