యాభై రూపాయల పాలప్యాకెట్

2014 అక్టోబర్ 13, సోమవారం. అప్పుడే తెల్లారుతోంది. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మీరు గేటు తోస్తే సగమే తెరుచుకుంది. అవతల తురాయి చెట్టు అడ్డంగా పడి ఉంది. నిన్న హుద్‌హుద్ కూల్చిన చెట్లలో అదొకటి. కరెంటు లేదు, సెల్లులో సిగ్నల్ లేదు, ఏటీఎం పనిచేయదు. జేబులో మూడొందల నలభై ఉంది. ఇంట్లో ఏడాదిన్నర పిల్ల పాలకోసం ఏడుస్తోంది.

కొమ్మల కింద దూరి, వేలాడుతున్న వైర్లకు ఎడంగా జరిగి, సందు చివరి పాలబూత్ దగ్గరకు చేరారు. అప్పటికే ముప్పై మంది ఉన్నారు. ఇరవై రూపాయల అరలీటరు ప్యాకెట్ యాభై అంటున్నాడు కుర్రాడు.

"ఎమ్మార్పీ మీద అంతెలా తీసుకుంటావయ్యా?" అని ముందున్నాయన గద్దించాడు.

"ఏటి సేత్తాం బాబూ, బండి రానేదు. ఉన్నవి ఇవే. కావాలంతే తీసుకోండి."

అతని ఐసుపెట్టెలో ఉన్నవి శనివారం సాయంత్రం దిగిన ప్యాకెట్లు. తుపాను వస్తుందని తెలిసి రెండు ట్రేలు ఎక్కువ వేయించుకున్నాడు. అవి ఇరవైకి తక్కువే పడి ఉంటాయి. ఐసు కరుగుతోంది, మధ్యాహ్నానికి పాలు విరిగిపోతాయి. ఆ సంగతి అతనికీ తెలుసు, మీకూ తెలుసు.

ధరని దాని మానాన వదిలేయాలనేవాళ్ల వాదన మామూలు రోజుల్లో గట్టిదే. ధర పెరిగితే అంతగా అక్కర్లేనివాళ్లు మానుకుంటారు, సరుకు అక్కర ఉన్నవాళ్లకు మిగులుతుంది, లాభం చూసి బయటి నుంచి కొత్త సరుకు వస్తుంది. ఈ లైనులో నిలబడి ఆ రెండూ జరుగుతున్నాయేమో చూడండి. గద్దించినాయనే ఐదొందల నోటు మార్పించి ఆరు ప్యాకెట్లు తీసుకున్నాడు. ఆయన వెనక చంటిబిడ్డను ఎత్తుకున్న మేస్త్రీ భార్య చేతిలో ముప్పై రూపాయలే ఉన్నాయి. కాసేపు నిలబడి పక్కకు తప్పుకుంది. ఇక్కడ ధర చూసి వెనక్కి తగ్గింది అక్కర తక్కువున్న మనిషి కాదు, డబ్బు తక్కువున్న మనిషి. ఏటీఎంలు చచ్చిన ఊళ్లో బ్యాంకులో లక్ష ఉన్నా చేతిలో ఉన్నదే లెక్క.

ఇక కొత్త సరుకు. ఈ కుర్రాడు యాభైకి అమ్ముతున్నాడన్న సంగతి రాజమండ్రిలో ఎవరికి తెలుసు? టవర్లు కూలాయి. తెలిసినా దారంతా చెట్లే. ఈ పూట ఈ ధర ఎవరినీ కదిలించలేదు. కొన్న సరుకూ అదే, పెట్టెలో ఉన్నదీ అదే, మీద పడ్డ ముప్పయ్యీ కేవలం అతని అదృష్టం. మనిషికి ఒక్కటే అని అతను గీత గీసి ఉంటే, ఇరవైకే ఇంకో ఐదు ఇళ్లకు పాలు అందేవి.

మీ వంతు వచ్చింది. రెండు తీసుకుని వంద ఇచ్చారు. నోట్లో తిట్టు మెదిలింది కానీ, రేపు మళ్లీ ఇక్కడికే రావాలి కదా.

తిరిగి వస్తుంటే కిరాణా కొట్టు షట్టర్ అడుగెత్తు లేచి ఉంది. కొట్టాయన వంగి, ఖాతా ఉన్నవాళ్లకు పాత ధరకే కొవ్వొత్తులు, గోధుమపిండి అందిస్తున్నాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఈలోగా పక్క హాస్టల్ కుర్రాళ్లు ఇద్దరు వచ్చి కొవ్వొత్తులు అడిగారు. "అయిపోయాయి బాబూ" అన్నాడు. అయిపోలేదు, అట్టపెట్టె మీకు కనిపిస్తూనే ఉంది. పాత ధర నిలబెట్టడానికి ఆయన ఎంచుకున్న పద్ధతి ముఖపరిచయం. ఆ కుర్రాళ్లకు బూత్ దగ్గర యాభై పెడితే కనీసం సరుకైనా దొరికేది. న్యాయమైన ధర అన్నప్పుడు ఎవరికి న్యాయం అని కూడా అడగాలి. ఈ చిక్కు తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ షట్టరే గుర్తొస్తుంది.

మంగళవారం మధ్యాహ్నం సందు మొగలో ట్రాలీ ఆటో ఒకటి ఆగింది. తుని నుంచి వచ్చాడట. అక్కడ టీవీలో విశాఖను చూసి, పొద్దున్నే పది ట్రేలు ఎత్తుకుని బయలుదేరాడు. అతను చెప్పే ధర కూడా యాభయ్యే. జనం మండిపడ్డారు. ఒకాయన తాళంచెవి లాక్కోబోయాడు.

డ్రైవర్ ఆటో దిగకుండానే లెక్క చెప్పాడు. ట్రేకి ఇరవై నాలుగు చొప్పున రెండొందల నలభై ప్యాకెట్లు, కొట్టు ధరకే కొన్నాడు కాబట్టి నాలుగు వేల ఎనిమిది వందలు. బండి అద్దె, డీజిలు కలిపి మూడు వేల ఐదొందలు. దారిలో కొమ్మలు నరకడానికి గొడ్డళ్లతో వెంట వచ్చిన ఇద్దరికి వెయ్యి. ఇరవై ప్యాకెట్లు చిరిగిపోయాయి. మిగిలిన రెండొందల ఇరవైలో ఒక్కోటి నలభై రెండు దాటింది. యాభైకి అన్నీ అమ్ముడైతే చేతికి పదిహేడు వందలు. ఎమ్మార్పీకి అమ్మితే నాలుగు వేల తొమ్మిది వందలు పోతాయి, రేపు రాడు.

నిన్నటి యాభై, ఇవాళ్టి యాభై ఒక్కటి కాదు. మొదటిది ఉన్నదాన్ని పంచుకోవడంలో లాగేసుకున్నది, రెండోది లేనిదాన్ని తెచ్చినందుకు అయిన ఖర్చు. కానెమన్, నెచ్, థాలర్ అనే ముగ్గురు 1986లో ప్రచురించిన సర్వేలో, మంచు తుపాను మర్నాడు పదిహేను డాలర్ల పారను ఇరవైకి అమ్మడం అన్యాయమని నూటికి ఎనభై రెండు మంది అన్నారు. వేరే ప్రశ్నల్లో కొట్టువాడికి కొనుగోలు ఖర్చు పెరిగి ధర పెంచితే మాత్రం జనం సమ్మతించారు. మా సందులో డ్రైవర్ లెక్క విన్నాక తాళంచెవి గొడవ దానంతటదే సద్దుమణిగింది.

సద్దుమణగనిది చట్టమే. ప్యాకెట్ సరుకుల మీద 2011 నాటి నిబంధనల ప్రకారం అచ్చువేసిన ధర మించి చిల్లరగా అమ్మకూడదు. తుపాను ఉన్నా లేకున్నా అంతే. తూనికలు కొలతల అధికారి ఆ మధ్యాహ్నం మా సందుకు వచ్చి ఉంటే బూత్ కుర్రాడి మీద, తుని డ్రైవర్ మీద ఒకే కేసు రాసేవాడు. అచ్చు ధర లేని విడి కూరగాయలు రెట్టింపుకి అమ్మిన బండిని మాత్రం ఆ నిబంధన కింద తాకలేకపోయేవాడు. దోపిడీ ఎంతన్నది దాని లెక్కలోకి రాదు, అట్ట మీద అంకె ఉందా లేదా అన్నదే చూస్తుంది.

నా మట్టుకు, మొదటి రెండు రోజులు పాత నిల్వ మీద ధర కట్టేయాలి, ఇంటికి ఒక్కటే అని లైనులోనే తేల్చాలి. బయటి నుంచి తెచ్చేవాడికి దారి ఖర్చు కలెక్టరు గారే చెల్లించాలి, అప్పుడు ప్యాకెట్ ఇరవైకే అమ్మినా వాడు మళ్లీ వస్తాడు. ఆ ఖర్చు ఎవరూ ఇవ్వనప్పుడు, బిల్లు చూపించిన డ్రైవర్‌ను యాభైకి అమ్ముకోనివ్వాలి. చేతిలో ముప్పై రూపాయలున్న మనిషికి మిగతా ఇరవై ఎవరిస్తారన్న ప్రశ్న అప్పటికీ ఉంటుంది. దానికి రేషన్ బియ్యంతో పాటు నాలుగు నోట్లు చేతిలో పెట్టడం తప్ప నాకు ఇంకో దారి కనిపించలేదు.

మంగళవారం ఆటో చుట్టూ మూగినవాళ్లలో ఒక పెద్దావిడ ట్రేల పక్కన నిలబడి, ఇంటికి ఒకటి కంటే ఎక్కువ అడిగినవాళ్లను వెనక్కి పంపడం మొదలుపెట్టింది. డ్రైవర్ ఒప్పుకున్నాడు, అతనికి ఎటూ పోయేదేమీ లేదు. మీరు ఒక్కటే తీసుకున్నారు. రేపు ఎన్ని తెస్తావని అడిగితే, డెయిరీ బండ్లు దిగాయని వింటే అసలు రానన్నాడు.