పద్దెనిమిది డిగ్రీల జ్య: పంచభుజి చెప్పిన లెక్క

ఇంటర్మీడియట్‌లో త్రికోణమితి చదివినవారికి sin 18° = (√5 − 1)/4 అన్న విలువ లీలగానైనా గుర్తుండే ఉంటుంది. 30, 45, 60 డిగ్రీల విలువలు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పడం తేలిక. చతురస్రాన్ని కర్ణం వెంబడి కోస్తే 45 డిగ్రీలు, సమబాహు త్రిభుజాన్ని నిలువునా కోస్తే 30, 60 డిగ్రీలు దొరుకుతాయి. మరి 18 డిగ్రీలు ఏ ఆకారంలో దాగి ఉన్నాయి? ఆ విలువలోకి √5 ఎందుకు వచ్చింది?

పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనిపించే నిరూపణ ఒక బీజగణిత యుక్తి. θ = 18° అనుకుంటే 5θ = 90° కనుక, 3θ, 2θ పరస్పర పూరక కోణాలు. అంటే sin 3θ = cos 2θ. దీన్ని విస్తరించి సాధిస్తే జవాబు వస్తుంది. నిరూపణలో లోపం లేదు కానీ, చదివినవారికి 18 డిగ్రీలకే ఈ అదృష్టం ఎందుకు పట్టిందన్న సందేహం తీరదు. చరిత్రలో ఈ విలువ దొరికిన దారి వేరు. ఆ దారి క్రమ పంచభుజి గుండా సాగుతుంది, ఆ సందేహానికి సమాధానం కూడా అక్కడే ఉంది.

తనలో తనను దాచుకున్న త్రిభుజం

ABCDE ఒక క్రమ పంచభుజి. దాని ఐదు శీర్షాలూ ఒకే వృత్తంపై ఉంటాయి. ప్రతి భుజమూ వృత్తకేంద్రం దగ్గర 72° కోణాన్ని, వృత్తంపై ఉన్న ఎదుటి శీర్షం దగ్గర అందులో సగం, అంటే 36° కోణాన్ని చేస్తుంది. అందువల్ల ఏ శీర్షంనుంచైనా రెండు కర్ణాలు గీస్తే, అక్కడి 108° కోణం మూడు సమానమైన 36° కోణాలుగా విడిపోతుంది.

ఇప్పుడు Aనుంచి AC, AD అనే కర్ణాలు గీద్దాం. ACD ఒక సమద్విబాహు త్రిభుజం. A దగ్గర 36°, C, D ల దగ్గర చెరొక 72° ఉంటాయి. పైకోణానికి భూకోణాలు రెట్టింపు. Cనుంచి CE అనే కర్ణం కూడా గీస్తే, అది C దగ్గరి 72° కోణాన్ని సరిగ్గా సగం చేస్తుంది. ఆ కర్ణం ADని తాకే బిందువును F అందాం.

CDF త్రిభుజంలో C దగ్గర 36°, D దగ్గర 72°. కనుక F దగ్గర కూడా 72°. పెద్ద త్రిభుజం కోణాలే ఇక్కడా ఉన్నాయి. అంటే ACD తన పోలికే ఉన్న చిన్న త్రిభుజాన్ని తన కడుపులోనే మోస్తోంది. CDF సమద్విబాహు త్రిభుజం కనుక CF = CD. మిగిలిన ACF త్రిభుజంలో A, C ల దగ్గర 36° చొప్పున ఉన్నాయి కనుక AF = CF. కాబట్టి AF, CF, CD మూడూ పంచభుజి భుజానికి సమానం.

భుజం s, కర్ణం d అనుకుంటే FD పొడవు d − s. సరూప త్రిభుజాల నిష్పత్తి ఇలా ఉంటుంది:

d : s = s : (d − s)

కర్ణాన్ని 1గా తీసుకుంటే s² + s − 1 = 0. దీని ధనమూలం s = (√5 − 1)/2. ఇక Aనుంచి CD మీదికి లంబం దించితే 36° కోణం రెండు 18° కోణాలుగా చీలుతుంది, CD కూడా సగమవుతుంది. అలా ఏర్పడిన లంబకోణ త్రిభుజంలో 18°కి ఎదుటి భుజం s/2, కర్ణం 1. కనుక

sin 18° = (√5 − 1)/4 = 0.309017…

√5 వచ్చిన చోటు ఇప్పుడు స్పష్టం. త్రిభుజంలో దాని చిన్న నమూనాయే ఉండటంవల్ల ఒక పొడవును మరో పొడవుతో ముడిపెట్టే నిష్పత్తి పుట్టింది. ఆ నిష్పత్తి వర్గసమీకరణమైంది. దాని విచక్షణి 1 + 4, అంటే 5.

పాఠ్యపుస్తకపు యుక్తి కూడా చివరికి ఇక్కడికే చేరుతుంది. sin 3θ = cos 2θలో sin θను xగా రాస్తే 4x³ − 2x² − 3x + 1 = 0 అనే ఘనసమీకరణం వస్తుంది. అయితే 90° కోణం కూడా ఈ షరతును తీరుస్తుంది, అప్పుడు x = 1. అందువల్ల (x − 1) అన్న కారణాంకం బయటికి పోయి 4x² + 2x − 1 = 0 మిగులుతుంది. పంచభుజి మొదటే వర్గసమీకరణాన్ని చేతికిస్తే, బీజగణితం ఘనసమీకరణంగా మొదలై ఒక మెట్టు దిగివస్తుంది.

టాలమీ కొలిచిన జ్యా

భూకోణాలు పైకోణానికి రెట్టింపుగా ఉండే త్రిభుజాన్ని నిర్మించడం యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’ నాలుగో భాగంలో పదో ప్రతిపాదన. ఆ వెంటనే పదకొండో ప్రతిపాదనలో దాని సాయంతో వృత్తంలో క్రమ పంచభుజిని గీస్తాడు. ఇది క్రీ.పూ. 300 ప్రాంతపు మాట. యూక్లిడ్‌కు కావలసింది నిర్మాణమే. సంఖ్యలతో అతనికి పని లేదు.

సంఖ్యలు అవసరమైనవాడు క్రీ.శ. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఖగోళశాస్త్రం రాసిన టాలమీ. గ్రహస్థానాలు లెక్కించడానికి అతనికి వృత్తంలోని చాపాలకు సరిపోయే జ్యాల పట్టిక కావలసివచ్చింది. ‘అల్మజెస్ట్’ మొదటి భాగంలో వృత్త వ్యాసార్థాన్ని 60గా తీసుకుని, 36° చాపానికి జ్యాను ఇలా కనుక్కున్నాడు. వృత్తకేంద్రంనుంచి ఒకదానికొకటి లంబంగా రెండు వ్యాసార్థాలు గీయాలి. ఒకదాని మధ్యబిందువునుంచి రెండోదాని కొసకు ఉన్న దూరం 60² + 30², అంటే 4500కు వర్గమూలం. షష్ట్యంశ పద్ధతిలో అది 67 భాగాలు, 4 కళలు, 55 వికళలు. అందులోంచి 30 తీసివేస్తే 37 భాగాలు, 4 కళలు, 55 వికళలు మిగులుతుంది. అదే 36° జ్యా, వృత్తంలో గీసిన క్రమ దశభుజి భుజం.

ఇది ఎందుకు సరిపోతుందో పంచభుజి త్రిభుజమే చెబుతుంది. దశభుజి రెండు పక్కపక్క శీర్షాలను కేంద్రంతో కలిపితే 36°, 72°, 72° కోణాల త్రిభుజమే మళ్ళీ ఎదురవుతుంది. వ్యాసార్థం ఇక్కడ కర్ణం స్థానంలో, దశభుజి భుజం పంచభుజి భుజం స్థానంలో ఉన్నాయి. 60ని (√5 − 1)/2తో గుణిస్తే వచ్చేది 37.082, టాలమీ విలువ అదే. ఒక కోణపు జ్యాలో సగమే సగం కోణపు సైన్ కనుక, టాలమీ పట్టికలోని 36°, మన 18°కి మరో రూపం.

భాస్కరుడి సూత్రం

భారతీయ ఖగోళజ్ఞులు పూర్తి జ్యాను వదిలి అర్ధజ్యతో లెక్కలు కట్టారు. నేటి సైన్‌కు మూలం ఆ అర్ధజ్యే. ఆర్యభటుడినాటి నుంచి వాడుకలో ఉన్న పట్టిక 90 డిగ్రీలను 24 భాగాలు చేస్తుంది. ఒక్కో భాగం 225 కళలు, అంటే 3¾ డిగ్రీలు. వ్యాసార్థం 3438 కళలు. 18 డిగ్రీలు, అంటే 1080 కళలు, ఈ పట్టికలో లేవు. నాలుగో జ్య 890, ఐదో జ్య 1105. వాటి మధ్య అనుపాతంతో లెక్కకడితే 18°కి 1062 వస్తుంది.

1150లో ముగిసిన ‘సిద్ధాంతశిరోమణి’లోని జ్యోత్పత్తి ప్రకరణంలో రెండో భాస్కరుడు వేరే దారి చూపాడు. త్రిజ్య వర్గాన్ని ఐదుతో గుణించి, వర్గమూలం తీసి, అందులోంచి త్రిజ్యను తగ్గించి, నాలుగుతో భాగిస్తే 18 డిగ్రీల జ్య వస్తుందన్నాడు. 3438 త్రిజ్యతో చూద్దాం. వర్గమూలం 7687.60, త్రిజ్య తీసివేస్తే 4249.60, నాలుగో వంతు 1062.40. ఈ సూత్రంలో త్రిజ్యను 1 చేస్తే నేటి (√5 − 1)/4 అక్షరాలా ఎదుట నిలుస్తుంది.

పాత పట్టిక ఇచ్చిన 1062కు, కొత్త సూత్రపు 1062.40కి తేడా అర కళ కూడా లేదు. అలాంటప్పుడు ఈ శ్రమ దేనికి? అనుపాతంతో వచ్చిన విలువలో దోషం ఎంతో ఆ పట్టికకు తెలియదు. ఆ విలువ మీద మరో విలువ కడితే దోషం కూడా వెంట వస్తుంది. భాస్కరుడి సూత్రంలో వర్గమూలాన్ని ఎన్ని స్థానాలదాకా తీస్తే జ్య అంత సూక్ష్మంగా దొరుకుతుంది. త్రిజ్య ఏదైనా పనికొస్తుంది. పైగా 18°, 15° రెండూ కచ్చితంగా తెలిస్తే వాటి భేదం 3° జ్య కూడా కచ్చితంగా తెలుస్తుంది. అలా 90 డిగ్రీలను 24కు బదులు 30 భాగాలు చేసే పట్టిక కట్టవచ్చు.

పంచభుజితో ఈ లెక్కకున్న బంధం ‘లీలావతి’లో కూడా కనిపిస్తుంది. 1,20,000 వ్యాసమున్న వృత్తంలో క్రమ పంచభుజి భుజం 70,534 అని భాస్కరుడు చెప్పాడు. టాలమీ 60 వ్యాసార్థానికి ఇచ్చిన 72° జ్యా 70 భాగాలు, 32 కళలు, 3 వికళలు. వ్యాసార్థాన్ని వెయ్యి రెట్లు చేసి పోలిస్తే రెండూ ఒకటే.

ఒక్క డిగ్రీ దగ్గర ఆగిన దారి

3° చేతికి వచ్చాక సగం చేస్తే 1½°, మళ్ళీ సగం చేస్తే ¾°. ప్రతి సగానికీ ఒక వర్గమూలం చాలు. కానీ ఇలా కూడుతూ, తీసివేస్తూ, సగాలు చేస్తూ పోతే 1° ఎన్నటికీ రాదు. దొరికే కోణాలన్నీ మూడు గుణిజాన్ని రెండు ఘాతంతో భాగించినవే. వాటిలో ఒకటి 1 కావాలంటే రెండు ఘాతాన్ని మూడు నిశ్శేషంగా భాగించాలి, అది జరగదు.

అందుకే 1° దగ్గర అందరూ ఉజ్జాయింపుకు దిగారు. టాలమీ 1½°, ¾° జ్యాల మధ్య 1° జ్యాను బిగించి పట్టుకున్నాడు. భాస్కరుడు 1° జ్యను త్రిజ్యలో 10/573 వంతుగా తీసుకున్నాడు. అది 0.017452, అసలు విలువకు ఆరో దశాంశ స్థానందాకా సరి. పదిహేనో శతాబ్దంలో సమర్‌ఖండ్‌లో అల్ కాషీ సమస్యను నేరుగా ఎదుర్కొన్నాడు. sin 3° = 3x − 4x³ అనే ఘనసమీకరణంలో xను పదేపదే సవరిస్తూ sin 1°ను కోరినన్ని స్థానాలదాకా సాధించే పద్ధతి కనిపెట్టాడు.

ఈ ఘనసమీకరణం 18° సమీకరణంలా మెట్టు దిగదు. 10° కోణంతో ఆ సంగతి చేతితోనే చూడవచ్చు. sin 30° = ½ కనుక 8x³ − 6x + 1 = 0 రావాలి. 2xను yగా రాస్తే y³ − 3y + 1 = 0. దీనికి అకరణీయం కాని మూలాలే ఉన్నాయి. పూర్ణసంఖ్యల్లో అవకాశమున్న 1, −1 రెండూ సమీకరణాన్ని తీర్చవు. బయటికి లాగడానికి (x − 1)లాంటి కారణాంకం లేదు. sin 10°, sin 1° కూడా బీజీయ సంఖ్యలే, పూర్ణసంఖ్యల గుణకాలున్న సమీకరణాలకు మూలాలే. అయితే వర్గమూలాలతో మాత్రమే వాటిని రాయలేం. స్కేలు, వృత్తలేఖినితో సాధించగలిగేవి వర్గమూలాలే కనుక, క్రమ నవభుజిని ఆ సాధనాలతో గీయడం సాధ్యం కాదు. ఏ బహుభుజుల్ని అలా గీయలేమో పియేర్ వాంట్జెల్ 1837లో నిరూపించాడు. అంతకు ముందు 1796లో, ఇంకా ఇరవై ఏళ్ళు నిండని గౌస్, 17 భుజాల బహుభుజిని గీయవచ్చని చూపి యూక్లిడ్ తరువాత ఆగిపోయిన జాబితాను పెంచాడు.

పంచభుజికి ఆ జాబితాలో చోటు దొరకడానికి కారణం దాని కర్ణాలే. అవి ఒకదాన్నొకటి ఖండించుకున్నచోట పెద్ద త్రిభుజం చిన్న రూపంలో మళ్ళీ కనిపిస్తుంది. రెండు త్రిభుజాలు, ఒక నిష్పత్తి, ఒక వర్గసమీకరణం. తొమ్మిది భుజాల దగ్గర లెక్క ఘనసమీకరణమై కదలకుండా కూర్చుంటుంది. జ్యాపట్టికలు కట్టినవారికి 18 డిగ్రీలు గట్టినేల, ఒక్క డిగ్రీ లోతునీరు కావడం వెనక ఉన్నది ఈ తేడాయే.